అక్కతో ఆ మాట ఎలా ఎత్తాలి?

“అక్కా, నువ్వొకసారి కౌన్సెలింగ్‌కి వెళ్తే బాగుంటుందేమో.”

ఈ మాటలో తప్పేం లేదు. అయినా చాలామంది “నాకేం పిచ్చెక్కిందటే?” అని ఎదురుతిరుగుతారు, లేదంటే ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లిపోతారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి చెవికి ఆ మాట ఇంకోలా చేరుతుంది. ‘నీ ఏడుపు విని విని విసిగిపోయాం, ఇక డబ్బులిచ్చి ఇంకెవరికైనా చెప్పుకో’ అన్నట్టు వినబడుతుంది.

అది వచ్చే సమయం కూడా అలాంటిదే. మన ఇళ్లలో మనిషి పోతే మొదటి పది పన్నెండు రోజులూ ఇంటినిండా జనం. పరామర్శకు వచ్చేవాళ్లు, వండి తెచ్చేవాళ్లు, రాత్రిళ్లు పక్కన పడుకునేవాళ్లు. పెద్దకర్మ అయ్యాక ఒక్కొక్కరే బయల్దేరతారు. మాసికానికి కొందరు వస్తారు. ఆ తర్వాత ఫోన్లే, కొన్నాళ్లకు అవీ తగ్గిపోతాయి. అయినవాళ్లకు కౌన్సెలింగ్ ఆలోచన తట్టేది సాధారణంగా ఆ తర్వాతే. చుట్టూ మనుషులు పల్చబడుతున్నారని ఆమెకు తెలిసొస్తున్న రోజుల్లో, మిగిలిన ఒక్క మనిషీ తప్పించుకుంటున్నట్టు అనిపిస్తే ఆశ్చర్యమేముంది?

అందుకే మాట ఎంత మెత్తగా ఉందన్నది నా దృష్టిలో రెండో సంగతి. ఆమె తన నోటితో చెప్పిన ఒక బాధను పట్టుకుని, దానికి సాయం చేసేవాళ్లున్నారని చెప్పాలి. చెప్పాక మనం ఆమె పక్కనుంచి కదలకూడదు. ఈ రెండూ ఉంటే మాట కాస్త తడబడినా ఆమెకు అర్థమవుతుంది. ఇవి లేకపోతే ఎంత తియ్యగా చెప్పినా వదిలించుకున్నట్టే ఉంటుంది.

అసలు ఎవరికి చెప్పాలి? అయినవాళ్లు పోయిన అందరికీ కౌన్సెలింగ్ అక్కర్లేదు. ఎక్కువమంది ఇంట్లోవాళ్ల తోడుతో, తమ పూజలు, పనుల ఆసరాతో, కాలం గడిచేకొద్దీ మెల్లగా నిలదొక్కుకుంటారు. పండగరోజు, పుట్టినరోజు మళ్లీ కుప్పకూలినా మర్నాడో ఆ మర్నాడో లేస్తారు. కొద్దిమందిలో మాత్రం నెలలు గడిచినా దుఃఖం మొదటివారంలో ఉన్నంత పచ్చిగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో చేర్చింది. ఆ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. మనిషి పోయి కనీసం ఆరు నెలలు దాటినా, ఆ సమాజంలో మామూలు అనుకునేదానికన్నా చాలా ఎక్కువగా, రోజువారీ బతుకు దెబ్బతినేంతగా దుఃఖం ఉంటేనే ఆ పేరు వాడాలంటుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం పెద్దవాళ్ల విషయంలో పన్నెండు నెలలు ఆగమంటుంది. ఈ గడువులు వైద్యులు పేరు పెట్టడానికి పెట్టుకున్నవి. సాయం అడగడానికి ఆరు నెలలు నిండేదాకా ఆగాలని ఎక్కడా లేదు. అలాగని పదకొండో రోజున కౌన్సెలింగ్ మాట ఎత్తడమూ తొందరపాటే.

ఒక ఇంటిని దగ్గరగా చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి ఇళ్లలో కనబడే సంగతులను ఒకచోట చేర్చి చెబుతున్నాను. తెనాలిలో ఇంట్లోనే బ్లౌజులు కుట్టే ఒకావిడ. ఇరవయ్యేళ్ల కొడుకు బండి మీద పెరుగు ప్యాకెట్ తేవడానికి వెళ్లి, సెంటర్‌లో లారీ తగిలి పోయాడు. ఎనిమిది నెలలైంది. కుట్టుమిషన్ మీద కప్పిన పాత చీర తీయలేదు. కొడుకు ఫోన్‌కు నెలనెలా రీఛార్జి చేయిస్తూనే ఉంది. ఆ సెంటర్ మీదుగా వెళ్లాల్సి వస్తుందని బ్యాంకుకు, బజారుకు వెళ్లడం మానేసింది. రాత్రి మూడింటిదాకా నిద్ర ఉండదు. ఇంటర్ చదివే కూతురు అన్నం తిన్నదో లేదో పట్టించుకునే స్థితిలో లేదు. గుంటూరు నుంచి చెల్లెలు ఆదివారాలు వచ్చి వెళ్తుంటుంది.

ఫోన్ రీఛార్జి చేయించడం ఒక్కటే అయితే కంగారు పడక్కర్లేదు. పోయినవాళ్ల చొక్కా దాచుకునేవాళ్లు, ఫొటోతో మాట్లాడుకునేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లంతా బతుకు నడుపుకుంటూనే ఉన్నారు. ఇక్కడ చూడాల్సింది వేరు. ఆమె తిరిగే దారులు నెలనెలా తగ్గిపోతున్నాయి. కూతురు కళ్లెదుట ఉన్నా కనబడటం లేదు. ఎనిమిది నెలలుగా ఆమె మాటలన్నీ ఒకే వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాయి: “నేను పెరుక్కి పంపకపోతే వాడుండేవాడు.”

ఆ మాట విన్నవాళ్లందరూ “నీ తప్పేముందమ్మా, వాడి ఆయుష్షు అంతే” అన్నారు. ఓదార్పుగానే అన్నారు. కానీ ఆ జవాబుతో సంభాషణ అక్కడే తెగిపోతుంది. తన మనసులో ఉన్నది చెప్పబోతే అవతలివాళ్లు తలుపు వేశారని ఆమెకు అనిపిస్తుంది. చెల్లెలు ఒక ఆదివారం ఆ జవాబు ఇవ్వలేదు. “రోజూ ఆ పెరుగు దగ్గరికే వెళ్లి ఆగిపోతున్నావా అక్కా?” అంది. అప్పుడు అక్క మొదటిసారి మిగతాది చెప్పింది. రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుంటుందట. కన్ను మూస్తే ఆస్పత్రి వరండా కనబడుతుందట. ఆ రోజు ఫ్రిజ్‌లో గిన్నెడు పెరుగు ఉందని తర్వాత చూసుకుందట. ఈ చివరి ముక్క ఎనిమిది నెలల్లో భర్తకు కూడా చెప్పలేదు.

ఇది విన్న వెంటనే “అందుకే అక్కా, కౌన్సెలింగ్‌కి...” అనడం పెద్ద పొరపాటయ్యేది. అంత లోపలి మాట చెప్పుకున్న మరుక్షణం ఇంకొకరి దగ్గరికి పంపితే, చెప్పుకున్నందుకు పశ్చాత్తాపపడుతుంది. చెల్లెలు ఆ రోజు విని, ఏడ్చి, ఊరుకుంది. తర్వాతి ఆదివారం కూతురు ట్యూషన్‌కు వెళ్లాక, ఇద్దరే ఉన్నప్పుడు మాట ఎత్తింది. అదీ బావ, ఆడపడుచులు అందరూ కూర్చున్న చోట కాదు. నలుగురిలో చెబితే అది తీర్పులా ఉంటుంది.

“అక్కా, ఒకటి అడుగుతా. వద్దనిపిస్తే వద్దను, నేనేం అనుకోను.”

“ఏంటే?”

“పోయినవారం చెప్పావే, కన్ను మూస్తే ఆ వరండానే కనబడుతోందని. నాకు ఆ మాటే తిరుగుతోంది. నేను వచ్చి కూర్చోగలను, ఎన్నిసార్లైనా వినగలను. కానీ నిన్ను ఆ రాత్రి నుంచి బయటికి ఎలా తేవాలో నాకు తెలీదే. అది తెలిసినవాళ్లు ఉన్నారు. ఇట్లా పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులతోనే మాట్లాడతారంట.”

“మాట్లాడితే వాడొస్తాడా?”

“రాడక్కా. వాడి కోసం ఏడవడం మానెయ్యమని కూడా ఎవరూ అనరు. ఆ రాత్రి రోజూ మళ్లీ జరగకుండా, నీకు నాలుగు గంటలన్నా నిద్ర పట్టేలా చూస్తారేమోనని. ఒక్కసారి వెళ్లి చూద్దాం. నేను సెలవు పెట్టి వస్తా. నీకు నచ్చకపోతే రెండోసారి నేను అడగను.”

“చూద్దాంలే.”

చెల్లెలు అక్కడితో ఆపింది. ‘చూద్దాంలే’ అన్నదాన్ని ఒప్పుకోలుగా మార్చుకోవాలని వెంటపడలేదు.

ఈ మాటల్లో నాకు ముఖ్యంగా కనబడేది, ఆమె ఎక్కడా ‘నువ్వు మామూలుగా లేవు’ అనకపోవడం. దుఃఖం ఎక్కువైందని గానీ, ఇన్నాళ్లైనా తేరుకోలేదని గానీ కొలత వేయలేదు. సాయం అడిగింది నిద్రకు, ఆ వరండాకు. అవి అక్కే చెప్పుకున్న బాధలు కాబట్టి కాదనడానికి లేదు. తనకు చేతకాని చోటు ఏదో చెల్లెలు ఒప్పుకుంది, ఒప్పుకుంటూనే తాను చేసే పని ఆపనని కూడా చెప్పింది. ‘పిల్లదాని ముఖం చూసి బతకాలి కదా’ అనలేదు. ఆ మాట అప్పటికే తప్పు మోస్తున్న తల్లి నెత్తిన ఇంకో తప్పు పెడుతుంది. ‘ఫలానావాళ్ల అబ్బాయి పోయినా వాళ్లు ఎంత ధైర్యంగా ఉన్నారో’ అన్న పోలిక సంగతి చెప్పనే అక్కర్లేదు.

“మాట్లాడితే వాడొస్తాడా?” అన్న ప్రశ్న వెనక ఇంకో భయం ఉంది. చాలామంది పైకి చెప్పరు. అక్కడికి వెళ్తే నా బిడ్డను మర్చిపోయేలా చేస్తారేమో అన్నది ఆ భయం. బాధ ఒక్కటే వాడితో మిగిలిన బంధం అనుకునే తల్లికి, బాధ తగ్గడమంటే వాడిని రెండోసారి పోగొట్టుకోవడమే. అందుకని అక్కడ నిజంగా ఏం జరుగుతుందో మనకు ముందుగా తెలిసి ఉండాలి.

ఇలాంటి దుఃఖానికి ప్రత్యేకంగా రూపొందించిన చికిత్సల్లో బాగా పరీక్షకు నిలిచినది అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి చెందిన మానసిక వైద్యురాలు క్యాథరీన్ షియర్ బృందం తయారుచేసినది. సాధారణంగా వారానికొకటి చొప్పున పదహారు సెషన్లు ఉంటాయి. ఆ మరణవార్త తెలిసిన గంటను కళ్లు మూసుకుని, మొదటినుంచి చివరిదాకా నోటితో చెప్పమంటారు. దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర వినమంటారు. మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. పదే పదే చెప్పగా, అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా మీదపడే జ్ఞాపకం ఒక వరసలోకి వస్తుంది. ‘నేను పంపకపోతే’ అన్న ఆలోచనను కూడా ఎవరూ కొట్టిపారేయరు, అన్ని వైపులనుంచీ చూడనిస్తారు. తప్పించుకు తిరుగుతున్న చోట్లకు కొద్దికొద్దిగా వెళ్లేలా చేస్తారు. మన ఆవిడ విషయంలో అది ఆ సెంటరే. మొదట దూరంగా నిలబడి రావడం, తర్వాత చెల్లెలితో దాటడం. పోయినవాళ్లతో ఊహలో మాట్లాడించడం కూడా ఇందులో ఉంది. కొడుకుతో చెప్పాల్సింది చెప్పి, వాడు ఏమంటాడో తనే వాడి తరఫున పలుకుతుంది. ఒక సెషన్‌కు ఇంట్లోని దగ్గరి మనిషిని కూడా పిలుస్తారు. ఇందులో ఎక్కడా మర్చిపోవడం లేదు. వాడిని తలచుకుంటూనే బతకగలిగేలా చేయడం దీని ఉద్దేశం. అక్క భయానికి చెల్లెలు నిజాయితీగా చెప్పగల జవాబు ఇదే: “వాడి గురించి ఎంత కావాలంటే అంత మాట్లాడతారక్కా. నిన్ను మాట్లాడనిచ్చే చోటే అది.”

మందుల భయానికీ జవాబు ఉంది. ఇదే బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో, ఈ చికిత్స తీసుకుంటున్నవాళ్లకు డిప్రెషన్ మందు ఒకటి జోడించి చూశారు. దుఃఖం తగ్గడంలో ఆ మందు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డిప్రెషన్ లక్షణాలు ఉన్నచోట మాత్రం చికిత్సతో పాటు మందు ఉపయోగపడింది. అంటే కౌన్సెలింగ్‌కు వెళ్లినవాళ్లందరికీ మాత్రలు రాయాలని లేదు. అలాగని ‘మందులేం ఇవ్వరు’ అని మనం ముందే మాట ఇవ్వకూడదు. డాక్టర్ రాస్తే ఎందుకో, ఎన్నాళ్లో అడిగి తెలుసుకుందాం అంటే చాలు.

మన దగ్గర ఈ చికిత్సలో శిక్షణ ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లో దొరకరు. కౌన్సెలర్ అన్న బోర్డు పెట్టినవాళ్లందరికీ ఒకే చదువు ఉండదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేయడంలో శిక్షణ పొందినవారు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. అందుకని అక్కను తీసుకెళ్లకముందే చెల్లెలు ఫోన్ చేసి రెండు విషయాలు కనుక్కోవడం మంచిది. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను చూసిన అనుభవం ఉందా? ఒక సెషన్‌కు ఎంతసేపు, ఎంత ఫీజు? మొదటి ప్రశ్నకు ‘రెండు క్లాసులు చెబితే అంతా సెట్ అయిపోతుందండీ’ అని జవాబొస్తే ఇంకొకర్ని వెతుక్కోవాలి. డబ్బు ఇబ్బంది ఉంటే పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. తెనాలివాళ్లకు గుంటూరు జీజీహెచ్ దగ్గర. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో పెదవాల్తేరు వైపు ఉన్న మానసిక వైద్యశాలలు పేరు వినగానే కొందరు బెదిరిపోతారు. అలాంటివాళ్లను మొదటిసారి మామూలు జనరల్ ఆస్పత్రికి తీసుకెళ్లడం మేలు.

గడప దాటడమే కష్టమైనవాళ్లకు ఫోన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అవసరమైతే వాళ్లే డాక్టర్‌కు కలుపుతారు, దగ్గరి ఆస్పత్రి చెబుతారు. ఆ ఫోన్ అక్కే చేయాలని లేదు. ‘మా అక్క ఇలా ఉంది, ఏం చేయాలి?’ అని చెల్లెలు కూడా అడగొచ్చు. ఊళ్లో తెలిసిపోతుందన్న బెంగ ఉంటే ఇంకో సంగతి చెప్పొచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి చెప్పిన విషయాలను గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవాళ్ల బాధ్యత. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే దానికి మినహాయింపు.

అడిగితే వద్దన్నారనుకోండి. వద్దనే హక్కు వాళ్లకుంది. రెండు మూడు వారాలు ఆ ఊసే ఎత్తకుండా ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉండాలి. కౌన్సెలింగ్‌కు ఒప్పుకోనందుకు మనం రావడం తగ్గించామన్న అనుమానం ఆమెకు కలగకూడదు. కొన్నిసార్లు దారి వేరేచోట దొరుకుతుంది. నిద్రలేమికి, గుండెదడకు, తిండి సయించకపోవడానికి వీధి చివరి ఎంబీబీఎస్ డాక్టర్ దగ్గరికి రమ్మంటే చాలామంది వస్తారు. చెల్లెలు ముందే డాక్టర్‌కు విషయం చెప్పి ఉంచితే, ఆ డాక్టరే ‘ఒకసారి ఫలానావారిని కలవండమ్మా’ అంటారు. మోసం చేసి తీసుకెళ్లడం మాత్రం వద్దు. గుడికని చెప్పి ఆస్పత్రి ముందు ఆటో ఆపితే, ఆ డాక్టర్ మీదే కాదు, మన మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంత నిదానం కుదరని సందర్భం ఒకటుంది. “వాడి దగ్గరికి వెళ్లిపోవాలనిపిస్తోంది” అన్న మాట దుఃఖంలో చాలామంది నోట వస్తుంది. ఒక్కోసారి అది తపన మాత్రమే. ఒక్కోసారి కాదు. ఏదో తెలుసుకోవాలంటే సూటిగా అడగాల్సిందే: “అక్కా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అని కూడా అనుకున్నావా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడక్కర్లేదు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరో ఒకరు అడిగినందుకు చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునని చెప్పినా, నగలు పంచేయడం, కూతుర్ని ఎవరికో అప్పగించే మాటలు మాట్లాడటం లాంటివి కనబడినా, ఇక ఒప్పుకోలు కోసం ఆదివారం దాకా ఆగకూడదు. ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో ఉన్న పురుగుమందు, మిగిలిపోయిన మాత్రలు ఆ పూటే ఇల్లు దాటించాలి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, లేదా 14416కు గానీ, ప్రాణం మీదికొస్తే 108కి గానీ చేయాలి. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్’ అంటే ఒట్టు వేయకూడదు. “ఈ ఒక్క విషయం దాచలేనక్కా” అని ముఖం మీదే చెప్పాలి. ఈ సందర్భానికి ఆరు నెలల లెక్క కూడా వర్తించదు. మూడోరోజు వచ్చినా ఇంతే.

సరే, అక్క ఒప్పుకుంది, ఒక బుధవారం వెళ్లొచ్చింది. తిరుగు బస్సులో “ఏమన్నారు? నువ్వేం చెప్పావు?” అని అడక్కుండా ఉండటం చెల్లెలికి కష్టమే. కానీ ఆ గదిలో మాటలు అక్కవి. మొదటిరోజు వచ్చినవాళ్లు తేలికపడి రారు. అలసిపోయి, ఒక్కోసారి ముందుకన్నా ఎక్కువగా ఏడుస్తూ వస్తారు. ఆ రాత్రి చెల్లెలు అక్కడే ఉండిపోతే మంచిది. మూడు నాలుగుసార్లు వెళ్లాక కూడా ఆ మనిషితో మాట్లాడాలనిపించకపోతే, అక్కలో లోపం వెతక్కుండా కౌన్సెలర్‌ను మార్చి చూడాలి. ఆదివారాలు రావడం మాత్రం మానకూడదు. చికిత్స మొదలైందని అయినవాళ్లు రావడం తగ్గిస్తే, మొదట్లో ఆమె భయపడినదే నిజమవుతుంది.

ఇంకో నాలుగు నెలలకు సంవత్సరీకం వస్తుంది. బాగా తేరుకుంటున్నవాళ్లకు కూడా ఆ రోజులు దగ్గరపడేకొద్దీ నిద్ర చెదురుతుంది, పాత మాటలన్నీ తిరిగొస్తాయి. అది చూసి ‘ఇన్ని వారాలు తిప్పినా ఏం లాభం లేదు’ అని ఇంట్లోవాళ్లు చికిత్స మాన్పించడం తరచూ జరిగేదే. ఆ తిథి ఎప్పుడో కౌన్సెలర్‌కు ముందే చెప్పి, ఆ వారంలోనే ఒక సెషన్ పెట్టించుకోవాలి. ఆ రోజు వంటల హడావిడిలో అక్క పక్కన ఎవరుంటారో కూడా ముందే అనుకుని ఉంచుకోవాలి.